తొలగించిన పోస్టుకు 30 రోజులు, స్టోరీకి ఒక్క రోజు: ఏవి తిరిగొస్తాయి, ఏవి రావు

పొరపాటున తీసేసిన ఫొటోను, వీడియోను, చివరికి ఖాతానే వెనక్కి తెచ్చుకోవచ్చా? ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో చిన్న వ్యాపారాలు నడుపుకునే తెలుగువారికి ఇది ఉబుసుపోక వేసే ప్రశ్న కాదు. చాలా దుకాణాలకు ఇన్‌స్టాగ్రామ్ పేజీయే బోర్డు, అదే కేటలాగు, ఆర్డర్లు వచ్చే దారీ అదే. దీనికి జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. నెల గడువుందని ఒకరు, మూడు నెలలని మరొకరు, పోయిందంటే పోయినట్టేనని ఇంకొకరు చెబుతారు. మూడింటిలోనూ కొంత నిజం ఉండటమే ఈ గందరగోళానికి మూలం.

సంక్షిప్తంగా

ఇన్‌స్టాగ్రామ్‌లో తొలగించిన పోస్టు, రీల్ 30 రోజుల వరకు తిరిగొస్తాయి. ఆర్కైవ్‌లో లేని స్టోరీకి గడువు గరిష్ఠంగా 24 గంటలు. ఖాతాను తొలగించమని కోరితే ఆ కోరికను 30 రోజుల లోపు రద్దు చేసుకోవచ్చు. తరచూ వినిపించే 90 రోజుల లెక్క కంపెనీ డేటాను పూర్తిగా చెరిపేయడానికి పెట్టుకున్న గడువు, వినియోగదారుడికి ఇచ్చిన అవకాశం కాదు. గడువు మిగిలి ఉన్నా పని ఆగిపోయేది ఎక్కువగా ఓటీపీ దగ్గర. సరిహద్దు ఊళ్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ.

తొలగించడం అంటే లోపల జరిగేది

డిలీట్ నొక్కగానే ఫొటో సర్వర్‌లోంచి చెరిగిపోదు. ముందుగా అది ఇతరులకు కనిపించకుండా పోతుంది. అటక మీదికి చేరిన సామాను మాదిరిగా, వాడుకలో లేకపోయినా ఇంట్లోనే ఉంటుంది. అసలు చెరిపివేత ఆ తరువాతి దశ. ఈ రెండు దశల మధ్య ఉన్న ఎడమే వినియోగదారుడికి దక్కే గడువు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ అటక అందరికీ కనిపించేలా వచ్చింది 2021 ఫిబ్రవరిలో. అంతకుముందు పోస్టు తొలగిస్తే తిరిగి తెచ్చుకునే దారే లేదు. మార్పుకు కారణం పొరపాట్లు ఒక్కటే కాదు. ఖాతాను చేజిక్కించుకున్న దొంగలు ముందుగా చేసే పని అందులోని పోస్టులన్నీ ఊడ్చేయడం. అందుకే తొలగించినవి కొంతకాలం నిలిచేలా చేయడంతో పాటు, వాటిని తిరిగి తెచ్చుకోవాలన్నా శాశ్వతంగా చెరిపేయాలన్నా అసలు యజమాని తానేనని నిరూపించుకోవాలనే నిబంధన కూడా పెట్టారు. దొంగను ఆపడానికి పెట్టిన ఈ తాళమే ఇప్పుడు కొందరు అసలు యజమానులను గుమ్మం బయట నిలబెడుతోంది. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

రెండో దశ ఎందుకు అంత సమయం తీసుకుంటుందో కూడా తెలుసుకోవాలి. ఒక ఫొటోకు వ్యాఖ్యలుంటాయి, ఆ వ్యాఖ్యలకు జవాబులుంటాయి, ఫొటోలో ట్యాగ్ అయిన మనుషులుంటారు. ఫొటో పోతే దాని కింది వ్యాఖ్యలు పోవాలి గానీ, వ్యాఖ్య రాసిన మనిషి ఖాతా పోకూడదు. ఏ ముడి విప్పాలో, ఏది వదిలేయాలో ముందే నిర్ణయించి ఉంచాలి. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2020లో వెలువరించిన ఒక పరిశోధన పత్రం ఈ చిక్కునే వివరిస్తుంది. దీనికి తోడు బ్యాకప్ ప్రతులు వేరే చోట్ల ఉంటాయి. ఇవన్నీ వరసగా శుభ్రం కావాలి కాబట్టే ఖాతా తొలగింపు పూర్తయ్యేసరికి కోరిన రోజు నుంచి 90 రోజుల దాకా పట్టవచ్చని కంపెనీ చెబుతుంది.

30కీ 90కీ మధ్య ఉన్న అగాధం

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఖాతా తొలగించమని కోరిన రోజు నుంచి 30 రోజుల వరకు లాగిన్ అయి ఆ కోరికను రద్దు చేసుకోవచ్చు. ఈ రోజుల్లో ఖాతా ఎవరికీ కనిపించదు. వెతికినవారికి అసలు లేనట్టే ఉంటుంది. అయినా యజమాని పాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లగానే, ఖాతాను ఉంచుకుంటారా అని తెర మీద ప్రశ్న వస్తుంది. ఒప్పుకుంటే పోస్టులు, అనుచరులు, పేరు అన్నీ యథాస్థానంలో ఉంటాయి.

31వ రోజు నుంచి 90వ రోజు వరకు పరిస్థితి వింతగా ఉంటుంది. డేటా ఎక్కడో కొంత మిగిలి ఉండవచ్చు. దాన్ని యజమానికి తిరిగి ఇచ్చే దారి మాత్రం మూసుకుపోయి ఉంటుంది. "కంపెనీ దగ్గర ఉందట, అడిగితే ఇస్తారు" అనే నమ్మకం ఈ రెండు నెలల అగాధంలోంచే పుట్టింది. అడగడానికి దరఖాస్తు గానీ, చెల్లించడానికి రుసుము గానీ ఇందులో లేవు.

ఒక ఉదాహరణతో లెక్క వేయవచ్చు. ఒకరి ఫోనులో రెండు ఖాతాలున్నాయి, ఒకటి సొంతది, ఒకటి దుకాణానిది. రెండూ ఒకే అకౌంట్స్ సెంటర్‌లో వరసగా కనిపిస్తాయి. సొంతది తీసేద్దామని ఏప్రిల్ 10న దుకాణం ఖాతాను ఎంచుకున్నారనుకుందాం. రద్దు చేసుకునే గడువు మే 10తో ముగుస్తుంది. 90 రోజుల లెక్క జులై 9 దాకా పోతుంది. జూన్ మొదటి వారంలో పెళ్లిళ్ల ఆర్డర్లు రావడం లేదేమిటని పేజీ తెరిచి చూసేసరికి పని అయిపోయింది. జులై 9 ఇంకా రాలేదన్న వాదన అక్కడ చెల్లదు. పాత యూజర్‌నేమ్ కూడా దొరక్కపోవచ్చు, మధ్యలో మరొకరు తీసుకుంటే అది వారిదే.

భారత చట్టం కూడా ఈ అపోహకు కొంత ఆజ్యం పోసింది. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఎవరైనా నమోదును రద్దు చేసుకున్నాక వారి నమోదు వివరాలను సామాజిక మాధ్యమ సంస్థలు 180 రోజులు దాచి ఉంచాలి. దీన్ని చదివి ఆరు నెలల గడువుందని అనుకునేవారున్నారు. ఈ నిల్వ నమోదు వివరాలకు సంబంధించినది. దర్యాప్తు సంస్థలు చట్టప్రకారం కోరితే ఇవ్వగలిగేలా ఉంచేది. అందులోంచి ఫొటోలు, రీళ్లు యజమాని చేతికి తిరిగిరావు.

స్టోరీ లెక్క వేరు

స్టోరీ స్వభావమే ఒక రోజు బతకడం. పోస్టులా 30 రోజుల వెసులుబాటు దానికి దక్కేది ఆర్కైవ్‌లో చేరాక తొలగిస్తేనే. ఆర్కైవ్‌లో లేని స్టోరీని తొలగిస్తే అది `Recently Deleted` ఫోల్డర్‌లో గరిష్ఠంగా 24 గంటలు ఉంటుంది. ఇందులో గరిష్ఠంగా అన్న మాటే ముఖ్యం. సరిగ్గా 24 గంటలు ఉంటుందన్న హామీ కాదది. స్టోరీ సాధారణంగా ఆర్కైవ్‌కు చేరేది గడువు తీరాక కాబట్టి, ఇంకా అందరికీ కనిపిస్తుండగానే తొలగించిన స్టోరీని ఒక్క రోజు లెక్కలోనే చూసుకోవడం క్షేమం.

మామూలుగా గడువు తీరి మాయమైన స్టోరీ సంగతి ఇంకో రకం. సెట్టింగులలో స్టోరీ ఆర్కైవ్ పనిచేస్తుంటే అది యజమానికి మాత్రమే కనిపించేలా అక్కడికి చేరుతుంది. ఆర్కైవ్‌ను ఆపి ఉంచితే ఎక్కడికీ చేరదు, తొలగించినవాటి ఫోల్డర్‌లోకి కూడా రాదు. అది తొలగించినది కాదు, కాలం తీరినది. ఫోనులో స్థలం మిగులుతుందని కొందరు ఈ ఆర్కైవ్‌ను ఆపేస్తారు. అది సర్వర్‌లో ఉండేది, ఫోనుకు మిగిలేదేమీ లేదు. ఉత్తి నష్టం.

హైలైట్ విషయంలో మాత్రం కంగారు అక్కర్లేదు. ప్రొఫైల్ మీద గుండ్రంగా కనిపించే హైలైట్‌ను తీసేసినా, ఆర్కైవ్‌లో ఉన్న స్టోరీలు పోవు. వాటితో కొత్త హైలైట్ కట్టుకోవచ్చు.

పర్లాకిమిడిలో ఒక కొమ్ముబొమ్మల దుకాణం

పశువుల కొమ్ముతో చెక్కే కొంగలు, నెమళ్లు, దువ్వెనలకు పర్లాకిమిడి పేరుపొందింది. అలాంటి ఒక దుకాణం ఇన్‌స్టాగ్రామ్ పేజీని ఊహించుకుందాం. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫోను నంబరు పాతపట్నంలో కొన్న సిమ్‌ది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నమే కాబట్టి ఇందులో విశేషమేమీ లేదు. అయితే టెలికాం లెక్కలో అది ఆంధ్రప్రదేశ్ సర్కిల్, ఇటు పక్కది ఒడిశా సర్కిల్. రోజువారీ వాడకం ఇప్పుడు ఒడిశా నంబరు మీద. పాత సిమ్ ఉన్న చిన్న ఫోను ఈమధ్యే పోయింది. ఇన్‌స్టాగ్రామ్‌కు ఈమెయిల్ ఇవ్వలేదు. పేజీ చూసుకునేది యజమాని మేనల్లుడు.

మార్చి 3న ఉదయం 10 గంటలకు అతను కొత్త కొంగబొమ్మ స్టోరీ పెట్టాడు. మధ్యాహ్నం 2 గంటలకు పేజీ సర్దుతూ ఆ స్టోరీని, దాంతో పాటు కొమ్ముకు మెరుగు పెట్టే పాత రీల్‌ను తొలగించాడు. ఎక్కువ ఆర్డర్లు తెచ్చినది ఆ రీలేనని సాయంత్రం మామయ్య చెప్పాక గానీ తెలియలేదు. ఆ క్షణాన ఉన్న గడువులు ఇవి: రీల్‌కు ఏప్రిల్ 2 దాకా, స్టోరీకి ఎక్కువలో ఎక్కువ మార్చి 4 మధ్యాహ్నం 2 గంటల దాకా.

దారి తేలికే. ప్రొఫైల్‌లో కుడివైపు పైన ఉన్న మూడు గీతల మెనూ, అందులో `Your activity`, దాని లోపల `Recently Deleted`. రీళ్లకు, స్టోరీలకు వేర్వేరు చిహ్నాలుంటాయి. పోయిన రీల్ అక్కడ కనిపించింది. కనిపిస్తే చాలు, ఇంకా బతికే ఉన్నట్టు. `Restore` నొక్కాడు. యజమానివో కాదో నిర్ధారించుకోవాలంటూ ఓటీపీ పంపినట్టు తెర చెప్పింది. అది వెళ్లినది పోయిన సిమ్‌కు.

మర్నాడు ఉదయం 11 గంటలకు పాతపట్నం వెళ్లి ఆధార్ చూపించి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నారు. కాల్ మోగింది. ఓటీపీ మాత్రం రాలేదు. సిమ్ చెడిందేమో, టవర్ అందడం లేదేమో అని మళ్లీ మళ్లీ కోడ్ అడుగుతారు ఇలాంటప్పుడు. కారణం వేరు. సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రాకుండా ఆపాలని టెలికాం శాఖ 2022 చివర్లో ఆపరేటర్లను ఆదేశించింది. ఎవరో నకిలీ పత్రాలతో మీ నంబరు తీసుకుని వెంటనే బ్యాంకు ఓటీపీలు లాగేయకుండా పెట్టిన అడ్డుకట్ట అది. మంచి నిబంధనే. కానీ స్టోరీకి ఉన్న గడువు కూడా అదే 24 గంటలు. రెండు గడియారాలూ పక్కపక్కన నడిస్తే స్టోరీ ఓడిపోవడం ఖాయం. ఈ కేసులో మార్చి 5 ఉదయం 11 తరువాత ఓటీపీ వచ్చింది. రీల్ తిరిగొచ్చింది. స్టోరీ ముందు రోజు మధ్యాహ్నమే దాటిపోయింది.

ఈమెయిల్ చిరునామా ఇచ్చి ఉంటే ఆ కోడ్ నిమిషంలో మెయిల్‌కు వచ్చేది, నది దాటే పనే ఉండేది కాదు. సరిహద్దు ఊళ్లలో దుకాణం ఖాతా ఉన్నవారు చేసుకోవలసిన పని ఏదైనా ఉందంటే ఇదొక్కటే: ఖాతాకు పాస్‌వర్డ్ గుర్తున్న ఈమెయిల్ జతచేయడం, రెండంచెల భద్రత పెట్టుకుని ఉంటే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి దాచడం.

పాత నంబరు మరొకరి చేతికి వెళ్తే

పై కేసులో నంబరు ఇంకా యజమాని పేరు మీదే ఉంది కాబట్టి గట్టెక్కారు. రెండు రాష్ట్రాల సిమ్‌లు పెట్టుకుని ఒకదానికి రీచార్జి మానేసినవారి పరిస్థితి ఇంతకంటే గడ్డు. కాల్, మెసేజ్, డేటా ఏదీ లేకుండా 90 రోజులు పడి ఉన్న ప్రీపెయిడ్ నంబరును ఆపరేటర్ ఆపేయవచ్చు. ఆపేశాక కనీసం 90 రోజులు ఆగి దాన్ని కొత్త వినియోగదారుడికి కేటాయిస్తారు. అప్పటినుంచి మీ ఖాతా ఓటీపీలు శ్రీకాకుళంలోనో చిత్తూరులోనో ఎవరి ఫోనుకో వెళ్తుంటాయి. వారికి అది అర్థంకాని మెసేజ్, మీకు మూసుకుపోయిన తలుపు.

అప్పుడు మిగిలే దారి వీడియో సెల్ఫీ. ముఖాన్ని అటూ ఇటూ తిప్పి తీసిన చిన్న వీడియోను ఖాతాలో ఉన్న ఫొటోలతో పోల్చి యజమానిని గుర్తిస్తారు. దీనికి ఖాతాలో ఆ మనిషి ముఖం ఉన్న ఫొటోలు ఉండాలి. కొంగలు, నెమళ్లు, దువ్వెనలు తప్ప మనిషి కనిపించని దుకాణం పేజీకి ఈ పద్ధతి పనికిరాదు. చీరల దుకాణాలదీ, మిఠాయి దుకాణాలదీ అదే స్థితి. రీల్ లోపల 29 రోజుల గడువుతో భద్రంగా ఉంటుంది, తీసేందుకు చెయ్యి అందదు.

ఇతర వేదికల్లో

ఫేస్‌బుక్‌లో సొంత ప్రొఫైల్ పోస్టులు యాక్టివిటీ లాగ్‌లోని ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి. తొలగించిన వ్యాఖ్య తిరిగిరాదు. ఖాతాకు ఇన్‌స్టాగ్రామ్‌లాగే 30, 90 రోజుల లెక్క. ఎక్స్‌లో ఖాతాను నిలిపివేస్తే 30 రోజుల గడువుంది గానీ, తొలగించిన ఒక్కో పోస్టుకు ఏ గడువూ లేదు. యూట్యూబ్‌లో తొలగించిన వీడియో పోయినట్టే. ప్రైవేట్‌గా మార్చి ఉంచడమే అక్కడున్న మార్గం.

వాట్సాప్ అన్నిటికంటే కఠినం. మెసేజ్‌ను పొరపాటున తన ఫోనులో మాత్రమే తొలగించుకున్నవారికి దాన్ని రద్దు చేసుకోవడానికి 5 సెకన్లు దొరుకుతాయి. తొలగించిన స్టేటస్‌కు చెత్తబుట్ట లేదు. ఖాతా తొలగింపుకైతే 30 రోజుల ఆలోచన గడువే లేదు. ధ్రువీకరించిన మరుక్షణం ఖాతా పోతుంది, గ్రూపుల నుంచి పేరు తొలగిపోతుంది. అదే నంబరుతో మళ్లీ చేరితే అది కొత్త ఖాతాయే.

తిరిగిరానివి

`Recently Deleted` ఫోల్డర్‌లోంచి కూడా చేత్తో చెరిపేసినది, గడువు దాటినది, ఆర్కైవ్ లేకుండా కాలం తీరిన స్టోరీ, 30 రోజులు గడిచిన ఖాతా. వీటిని ఏ యాప్ గానీ, ఏ నిపుణుడు గానీ తేలేరు, ఎందుకంటే అవి ఉన్నది కంపెనీ సర్వర్‌లో, ఆ తలుపుకు బయట తాళంచెవి లేదు. ఇక్కడ వెతకవలసినది ఫోను. చాలామంది వీడియోను గ్యాలరీలో తీసుకుని తరువాత పోస్టు చేస్తారు కాబట్టి మూలప్రతి అక్కడ ఉండవచ్చు. గ్యాలరీలో లేకపోతే గూగుల్ ఫొటోస్ బిన్ చూడాలి. బ్యాకప్ అయిన ఫొటోలు, వీడియోలు అందులో 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి. రీల్‌కు వచ్చిన లైకులు, వ్యాఖ్యలు రావు గానీ, కనీసం వీడియో చేతికొస్తుంది.

పోయిన ఖాతాను రుసుము తీసుకుని తెప్పిస్తామనే ప్రకటనలు పుట్టేది కూడా ఈ చోటే. పోయినది తేలేరు కాబట్టి వారు ఆశించేది మీ పాస్‌వర్డ్, ఓటీపీ, అడ్వాన్సు. ఇప్పటికే డబ్బు పంపినవారు వెంటనే 1930కు ఫోను చేసి, `cybercrime.gov.in`లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఈ నంబరు ఒడిశా, ఆంధ్ర, మహారాష్ట్ర అన్నిచోట్లా ఒకటే.

మీరు తీసేయలేదు, కంపెనీ తీసేసింది

ఖాతా కనిపించకపోతే అది ఎవరు తీసేసినదో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటి దారులు వేరు. లాగిన్ అయ్యే ప్రయత్నంలో ఖాతాను ఉంచుకుంటారా అని అడిగితే తొలగింపు కోరిక మీ వైపు నుంచి వెళ్లినట్టు. నిబంధనలు ఉల్లంఘించారంటూ నిలిపివేసినట్టు చెబితే అది కంపెనీ చర్య. రెండో దానిలో అప్పీలుకు 180 రోజులు ఉంటాయి, ఆ అప్పీలు తెర మీదే మొదలవుతుంది. దానికి ఫలితం లేకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయవచ్చు. ఐటీ నిబంధనల ప్రకారం ఆ అధికారి 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, 7 రోజుల్లో పరిష్కరించాలి. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే నిర్ణయం అందిన 30 రోజుల లోపు కేంద్రం 2023లో ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. పొరపాటున తానే తొలగించుకుని గడువు దాటించుకున్న ఖాతాకు ఈ మెట్లు పనికిరావు. అక్కడ తప్పుబట్టడానికి కంపెనీ తీసుకున్న నిర్ణయమంటూ ఏదీ ఉండదు.